ఆస్తి పంపకం కోసం దావాకు ముందు ఇస్తున్న లీగల్ నోటీసు

రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ ద్వారా

తేదీ: 12 మార్చి 2025
బెంగళూరు

పంపినవారు:
కె. మాధవి, అడ్వొకేట్
గాంధీనగర్, బెంగళూరు 560009

అందుకొనువారు:
1. శ్రీ ఎన్. వెంకటరమణ, తండ్రి కీ.శే. లక్ష్మీనారాయణ, వయసు 56, హెచ్‌ఆర్‌బిఆర్ లేఅవుట్, కల్యాణ నగర్, బెంగళూరు
2. శ్రీ ఎన్. శ్రీనివాసులు, తండ్రి కీ.శే. లక్ష్మీనారాయణ, వయసు 46, కూకట్‌పల్లి, హైదరాబాద్

అయ్యా,

మారతహళ్లి నివాసి, మీ తోబుట్టువు అయిన శ్రీమతి పద్మావతి (వయసు 49) నా క్లయింటు. ఆమె చెప్పిన విషయాలు విని, ఇచ్చిన కాగితాలు చూసి, ఆమె తరఫున ఈ నోటీసు ఇస్తున్నాను. మీ ముగ్గురూ ఇంట్లో మాట్లాడుకునే భాష తెలుగు. ఇందులో ఒక్క మాట కూడా ఇంకొకరు చదివి చెప్పాల్సిన అవసరం రాకూడదని తెలుగులోనే రాశాను.

1. మీ తండ్రి శ్రీ లక్ష్మీనారాయణ గారు హిందూపురం నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, జీతం డబ్బుతో రెండు ఆస్తులు సంపాదించారు. ఒకటి బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ 1988లో కేటాయించిన 30 x 40 అడుగుల సైటు. 1999లో దానికి సేల్ డీడ్ ఆయన పేరిట రిజిస్టరైంది. తర్వాత అందులో మూడంతస్తుల ఇల్లు కట్టారు. రెండోది 1994లో హిందూపురం దగ్గర కొన్న పొలం. ఆయన 14 జూన్ 2019న, మీ తల్లి సుశీలమ్మ గారు 3 నవంబర్ 2021న కాలం చేశారు. ఇద్దరూ వీలునామా రాయలేదు.

2. తండ్రి స్వార్జితం కాబట్టి హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 8 ప్రకారం ఆయన తర్వాత భార్యకు, ముగ్గురు పిల్లలకు తలా నాలుగో వంతు వచ్చింది. తల్లి పోయాక ఆమె వంతు సెక్షన్ 15 ప్రకారం మీ ముగ్గురికే చేరింది. ఈ రోజు ఎవరి వాటా అయినా మూడో వంతే, హెచ్చుతగ్గులు లేవు.

3. "నీ పెళ్లి 1999లోనే అయింది, 2005 చట్టం నీకు వర్తించదు" అని మీలో 1వ వారు నా క్లయింటుతో రెండుసార్లు ఫోన్‌లో అన్నారు. ఈ మాట పట్టుకుని ఆమె చాలాకాలం మౌనంగా ఉండిపోయింది. అందుకే దీనికి వివరంగా జవాబు ఇస్తున్నాను. 2005 సవరణ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కూతురి హక్కు గురించినది. తండ్రి సొంత సంపాదనలో కూతురు 1956 నుంచే కొడుకులతో సమానంగా మొదటి తరగతి వారసురాలు. పెళ్లయిందా, ఎప్పుడైంది అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఒకవేళ ఇది పిత్రార్జితమని మీరు వాదించినా, వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 11 ఆగస్టు 2020న కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. పెళ్లిలో పెట్టిన బంగారం, చేసిన ఖర్చు వాటా కింద జమకావు. "నాకేమీ వద్దని అప్పట్లో నువ్వే అన్నావు" అనే మాట కూడా చెల్లదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. నా క్లయింటు అలాంటి కాగితం మీద ఎప్పుడూ సంతకం చేయలేదు.

4. సంతకం చేయించుకునే ప్రయత్నం మాత్రం జరిగింది. 2024 నవంబర్‌లో తల్లి తద్దినం రోజున, భోజనాలై ఇంకా విస్తళ్లు ఎత్తకముందే, 1వ వారు హక్కు విడుదల దస్తావేజు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "పసుపు కుంకుమల కింద 3 లక్షలు ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. "అమ్మ తద్దినం రోజు ఇదేంటన్నయ్యా" అని ఆమె పెన్ను పక్కన పెట్టి లేచి వచ్చేసింది. నా ఆఫీసులో ఈ సంగతి చెబుతూ ఆమె చాలాసేపు మాట్లాడలేకపోయింది. డబ్బు తక్కువైందన్నది కాదు ఆమె బాధ. ఆ ఇంట్లో తనను బయటి మనిషిలా చూశారన్నదే.

5. తర్వాత 2025 జనవరిలో ఆ ఇంటి ఇ-ఖాతాను ఆమె చూస్తే అది 1వ వారి ఒక్కరి పేరు మీదే ఉంది. ఖాతా మార్పు కోసం ఇచ్చిన వంశవృక్షం అఫిడవిట్‌లో ఇద్దరు కొడుకుల పేర్లే ఉన్నాయి, కూతురు లేనేలేదు. అందులో 2వ వారి అంగీకార సంతకం ఉంది. అది ఆయన చదివే పెట్టారని నా క్లయింటు ఇప్పటికీ నమ్మడం లేదు. తెలియక పెట్టి ఉంటే ఆ మాటే రాతపూర్వకంగా చెప్పమని 2వ వారిని కోరుతున్నాను. ఖాతా అనేది పన్ను కట్టడానికి పనికొచ్చే రికార్డు. దానివల్ల యాజమాన్యం మారదు. ఆ ఇ-ఖాతా చూపించి ఇల్లు అమ్మడానికి ఒక బిల్డర్‌తో బేరం నడుస్తోందని తెలిసింది. కావేరీ ఆన్‌లైన్‌లో తీసిన ఈసీ ప్రకారం ఇప్పటిదాకా ఏ అమ్మకమూ రిజిస్టర్ కాలేదు. ఆమె టెన్షన్ అంతా రేపేం జరుగుతుందోనని.

6. ఇంటి గ్రౌండ్ ఫ్లోర్‌లో 1వ వారు ఉంటున్నారు. పై రెండు అంతస్తుల అద్దె 24,000, 22,000, మొత్తం నెలకు 46,000 రూపాయలు ఆయనే తీసుకుంటున్నారు. తల్లి బతికున్నంత కాలం ఆ డబ్బు ఆమె మందులకే పోయిందని నా క్లయింటుకు తెలుసు, కాబట్టి ఆ రోజుల లెక్క అడగడం లేదు. డిసెంబర్ 2021 నుంచి ఫిబ్రవరి 2025 దాకా 39 నెలలకు 17,94,000 రూపాయలు అయ్యాయి. అందులో ఆమె మూడో వంతు 5,98,000 రూపాయలు. తల్లి బ్యాంకు లాకర్ తాళంచెవి కూడా 1వ వారి దగ్గరే ఉంది. అందులోని కాసులపేరు, నాలుగు జతల గాజులు తల్లి సొత్తు, వాటిలోనూ ముగ్గురికీ భాగం ఉంది.

కాబట్టి ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా మీరు కింది షెడ్యూలు ఆస్తుల్లో నా క్లయింటుకు మూడో వంతు వాటాను హద్దులతో సహా విడదీసి స్వాధీనం చేయాలి. 1200 చదరపు అడుగుల ఇంటిని మూడు ముక్కలు చేయడం కష్టమని ఆమెకూ తెలుసు. ముగ్గురూ ఒప్పుకున్న వాల్యుయర్ కట్టిన మార్కెట్ ధర ప్రకారం ఆమె వాటాను మీరే కొనుక్కున్నా ఆమెకు సమ్మతమే. అద్దె లెక్క చూపి 5,98,000 రూపాయలు, ఈ నెల నుంచి ఆమె వంతు అద్దె చెల్లించాలి. లాకర్‌ను ముగ్గురి సమక్షంలో తెరవాలి. పంపకం తేలేదాకా ఇంటిని గానీ పొలాన్ని గానీ అమ్మడం, తాకట్టు పెట్టడం, కొత్తగా లీజుకివ్వడం, జాయింట్ డెవలప్‌మెంట్‌కు ఇవ్వడం చేయకూడదు. ఈ నోటీసు ఖర్చు 7,500 రూపాయలు కూడా మీరే భరించాలి.

గడువులోగా మీరు స్పందించకపోతే, ఇల్లు ఇక్కడే ఉంది గనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 17 కింద రెండు ఆస్తులనూ కలిపి బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో పంపకం, స్వాధీనం, అద్దె లెక్కల కోసం దావా వేస్తాం. ఆర్డర్ 39, రూల్స్ 1, 2 కింద ఇంజంక్షన్ కూడా అడుగుతాం. దావా ఖర్చులు మీ మీదే పడతాయి. దావా పెండింగ్‌లో ఉండగా కొనేవాళ్లు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే. ఈ సంగతి మీతో బేరమాడుతున్న బిల్డర్‌కు చెప్పే బాధ్యత మీది.

మీడియేషన్‌కైనా, ఇద్దరు పెద్దమనుషుల ముందైనా కూర్చోవడానికి నా క్లయింటు సిద్ధమే. ఏ ఆదివారమైనా, కబురు చేస్తే కల్యాణ నగర్ ఇంటికే వస్తానంది. ఆ కబురు కూడా పై 15 రోజుల్లోపే రావాలి.

షెడ్యూలు "ఎ": బెంగళూరు, హెచ్‌ఆర్‌బిఆర్ లేఅవుట్‌లో సైటు నం. 618, తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 40 అడుగులు, అందులోని గ్రౌండ్, మొదటి, రెండో అంతస్తుల ఇల్లు. హద్దులు: తూర్పు సైటు నం. 619, పడమర సైటు నం. 617, ఉత్తరం రోడ్డు, దక్షిణం సైటు నం. 631.

షెడ్యూలు "బి": శ్రీ సత్యసాయి జిల్లా, హిందూపురం మండలం, కిరికెర గ్రామం, సర్వే నం. 214-2లో 2 ఎకరాల 40 సెంట్ల మెట్ట, బోరు, మోటారుతో సహా.

షెడ్యూలు "సి": కీ.శే. సుశీలమ్మ గారి బ్యాంకు లాకర్‌లోని బంగారు నగలు.

ఈ నోటీసు నకలు తదుపరి చర్య కోసం నా ఆఫీసులో ఉంచుకున్నాను.

(సంతకం)
కె. మాధవి
శ్రీమతి పద్మావతి తరఫు అడ్వొకేట్