బాపమ్మ రొట్టె – పావు, సగం పాట

(మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మా వాడ పిల్లల కోసం రాసుకున్నది. మూడు, నాలుగు తరగతుల వాళ్లకు సరిపోతుంది. బడిలో భిన్నాలను మరాఠీలో 'అపూర్ణాంక్' అని నేర్చుకుని, ఇంటికొచ్చి "తెలుగులో ఏమంటరు?" అని అడుగుతారు. అందుకే రెండు మాటలూ పెట్టాను. ఐదుగురు పిల్లలు కావాలి: గంగ, శీను, రఫీ, సునీత, బాపమ్మ. మిగిలినవాళ్లంతా 'అందరూ' అన్నచోట గొంతు కలపాలి. నిజం రొట్టె ఉంటే మేలు. లేకుంటే పాత పేపరును గుండ్రంగా కత్తిరించండి, మడతలు ఇంకా బాగా వస్తాయి.)

అందరూ (చప్పట్లతో):
చప్ చప్ చప్ చప్ చప్పుడు ఏంది?
బాపమ్మ రొట్టె కొడుతున్నాది!
సలసల నీళ్లతో పిండిని కలిపి
పిడికిలి బిగించి గట్టిగ పిసికి
అరచేతులతో గుండ్రంగ తట్టి
పెంక మీదికి మెల్లగ పట్టి
తడిగుడ్డతోటి పైపైన తుడిచి
తిరగేసినాది పొగలోన నిలిచి.
బుస్సున పొంగెను జొన్నరొట్టె
పున్నమి చంద్రుణ్ణి పళ్లెంలో పెట్టె!

"భాకరీ" అన్నది పక్కింటి అక్క
"రొట్టె" అన్నది మన ఇంటి పక్క
పేర్లు రెండు, రొట్టె ఒకటి
ఎవరూ తుంచని రొట్టె ఒకటి.

అందరూ: ఒకటి! ఒకటి! పూర్తిగ ఒకటి!

అరుగు మీద కూసుంది గంగ
పళ్లెం చూసి మురిసింది గంగ
ఉల్లిగడ్డ ఉంది, ఎర్రకారముంది
ఇద్దరికైనా సరిపోయేట్టుంది.
అంతట్లకే శీను ఉరికొచ్చినాడు
"నాకూ ఆకలే" అని నిలుచున్నాడు.
"రారా శీనూ, కూసోరా" అంది
గోటితో రొట్టెపై గీతొకటి గీసింది.
ఇటుపక్క పెద్దది, అటుపక్క చిన్నది
"చిన్నది నీ సగం" అని గంగ అన్నది!

శీను: ఇదేం సగమే? నీది చూడు, నాది చూడు!
గంగ: రెండు ముక్కలే గదరా? రెండైతే సగమే!

పొయ్యికాడ నుంచి బాపమ్మ నవ్వింది
పొగకు కండ్లు తుడుచుకుంట అన్నది:

"రెండు ముక్కలైతే సగమైపోదు బిడ్డా
రెండూ సమమైతే సగమైతది బిడ్డా!
వేడి మీదుండగ రొట్టెను మడువు
అంచుకు అంచు కలిపి చూడు
ఒకటి మీద ఒకటి పెట్టినప్పుడు
బయటికి రావద్దు ఏ కొంచెమైనా."

(ఇక్కడ ప్రాస తప్పింది, తెలుసు. 'కొంచెమైనా' తీసేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఆ మాట దగ్గర అందరూ వేలు ఊపుతారు.)

మడిచి విప్పితే మధ్యన గీత
గీతకు ఇటింత, గీతకు అటింత!
గంగకు ఒకటి, శీనుకు ఒకటి
రెండు సమముక్కల్లో ఒక్కొక్కరికొకటి.

అందరూ (పలక మీద 1/2 రాస్తూ):
పైన ఒకటి – నా చేతిల ముక్క
కింద రెండు – రొట్టె మొత్తం లెక్క!
పైనున్న అంకె పేరు లవం
కిందున్న అంకె పేరు హారం.
మెళ్లో వేసే హారం కాదు
పూలతో గుచ్చే హారం కాదు
ఎన్ని సమముక్కలు చేసినామో
గుర్తుపెట్టుకుని చెప్పే హారం!
బడిలో "అంశ్" అంటే మన లవమే
బడిలో "ఛేద్" అంటే మన హారమే
ఛేదించుడంటే కోసుడే గద
కోతల లెక్క కిందుంది గద!

నోట్లో పెట్టబోతే గేటు చప్పుడు
రఫీ, సునీత వచ్చిరప్పుడు.

సునీత: గంగా, మలా పణ్ దే!
రఫీ: నాకూ ఇయ్యవా?

ఇద్దరుంటిమి, నలుగురైతిమి
సగాలనింక ఎట్ల పంచేము?
సగాన్ని మళ్లీ సగంగ మడిచి
తుంచిరి ముక్కలు నాలుగు సరిచూసి.
సగంలో సగం ఏమంటరు?

అందరూ: పావు! పావు! పావంటరు!

తెలుగులో పావు, మరాఠీలో పావ్
గోదారి గట్టున పావంటే పావే
చారాణా అంటే రూపాయిలో పావు
నాలుగు చారాణాలకు రూపాయి రావు?

అందరూ: వస్తది! వస్తది!

(పలక మీద 1/4. కాసేపు ఆగండి. రఫీ చెప్పే మాటను ప్రతి తరగతిలో ఎవరో ఒకరు నిజంగానే అంటారు.)

రఫీ ఎగిరిండు గుండె తట్టుకుంట:
"రెండు కన్న నాలుగు పెద్దదంట!
సగం కన్న పావే పెద్దదంట!
అందరికన్న నాదే పెద్దదంట!"

కొందరు నవ్విరి, కొందరు తలూపిరి
బాపమ్మ మాత్రం ఏమనలేదు
పేపరు రొట్టెల సగం ఒకటి తెచ్చి
పావు పక్కన పెట్టింది చూడు.

రఫీ: అరే... సగమే పెద్దగుంది!
బాపమ్మ: తినేటోళ్లు పెరిగితే ఏమైతది?

అందరూ:
కింద అంకె పెరుగుతుంటె
చేతిల ముక్క తరుగుతుంటె!
ఇద్దరికైతే ఇంతంత
నలుగురికైతే కొంతంత
పదిమందొస్తే పదోవంత
వందమందొస్తే చీమంత!

ఇప్పుడు కూడుదాం, ముక్కలు పట్టండి
ఒకరి తర్వాత ఒకరు పెట్టండి.
గంగది ఒక పావు – 1/4
శీనుది కలిపితే – 2/4
రెండు పావులు ఏమైనయి?

అందరూ: సగమైనయి! సగమైనయి!

రఫీది కలిపితే – 3/4
ముప్పావు అంటం మన ఇంట్లో
"పాఊణ్" అంటరు వాళ్లింట్లో
బారాణా అంటరు బజార్లో!
సునీత పావు పెట్టంగనే – 4/4
చంద్రుడు నిండెను పళ్లెంలోనే!

కారం డబ్బాలో చెయ్యి పెట్టిండు శీను
చెంచాడు కారం వేసుకున్నాడు తాను
బాపమ్మ చూసి కసిరింది: "ఓరోరి!
చారాణా రొట్టెకు బారాణా కారమా!"

(ముగ్గురే ఉంటే ఎట్ల అని ఒకరు అడుగుతారు. మడతతో కుదరదు. రొట్టెను గడియారం అనుకోమనండి. 12 దగ్గర, 4 దగ్గర, 8 దగ్గర వేలు పెట్టి నడిమి దాకా గీత గీస్తే మూడు సమముక్కలు, ఒక్కోటి 1/3. పాట మాత్రం నలుగురితోనే నడుస్తుంది.)

నలుగురు నోట్లో పెట్టబోయిరి
పొయ్యి వైపొకసారి చూసిరి.
పిండి గిన్నె అడుగంటింది
బాపమ్మ పళ్లెం ఖాళీగుంది.

సునీత మెల్లగ తన పావు తుంచింది
సగం తనకుంచి సగం పక్కనుంచింది.
గంగ తుంచింది, శీను తుంచిండు
"సరే పో" అని రఫీ తుంచిండు.
పావులో సగం ఏమంటరు?

అందరూ: ఎనిమిదోవంతు! ఎనిమిదోవంతు!

(పలక మీద 1/8. పిల్లలు నలుగురూ తమ ముక్కను బాపమ్మ పళ్లెంలో పెడతారు, మొనలు నడిమికి వచ్చేట్టు.)

ఒకటి, రెండు, మూడు, నాలుగు
ఎనిమిదిలో ముక్కలు నాలుగు
పక్కపక్కకే పేర్చి చూస్తే
పళ్లెంలోన సగం చంద్రుడు!

అందరూ: 4/8 అంటే 1/2!

బాపమ్మ ముక్కున వేలేసుకుంది
"సగం రొట్టె నాకేనా?" అన్నది.
"మీకు మిగిలింది ఎంతరా?" అన్నది.

నలుగురూ: ఒక్కొక్కరికీ ఎనిమిదోవంతు!

లేచి డబ్బా మూత తీసింది
అడుగున పిండి గీకి తీసింది
చప్ చప్ చప్ చప్ చప్పుడు ఏంది?
ఇంకో రొట్టె పొంగుతున్నాది!
"ఈసారి నాతో ఐదుగురు మీరు
ఒక్కొక్కరికెంత? చెప్పినోడే కోస్తాడు!"