క్రాప్, కట్, ఎరేజ్: ఫోటోలో ఏ పనికి ఏది వాడాలి

గృహప్రవేశం రోజు ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫోటో ఒకటి ఉందనుకోండి. మధ్యలో తాతయ్య కుర్చీలో కూర్చున్నారు, చుట్టూ ఇంటిల్లిపాది, ఎడమ అంచున సగం కనిపిస్తున్న వాటర్ క్యాన్, తాతయ్య భుజం పక్కనుంచి ఎవరిదో చెయ్యి. ఈ ఒక్క ఫోటోతో మీకు మూడు పనులున్నాయి. తాతయ్య పాస్‌పోర్ట్ సైజు ఫోటో కావాలి, ఫంక్షన్ ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ మాత్రం పెట్టాలి, అసలు గ్రూప్ ఫోటోలో ఆ చెయ్యి కనిపించకూడదు. మూడింటిలోనూ ఏదో ఒకటి "తీసెయ్యాలి" కాబట్టి ఏ టూల్ అయినా ఒకటేలే అనిపిస్తుంది. కానీ తప్పు టూల్ పట్టుకుంటే గంట సేపు కూర్చున్నా పని అవ్వదు, పైగా ఫోటో పాడవుతుంది. ఇక్కడ నేను GIMP అనే ఫోటో ఎడిటర్‌ని పట్టుకుని చెబుతాను, ఎందుకంటే అది ఉచితం, విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో దొరుకుతుంది. వేరే ఎడిటర్ వాడినా బటన్లు మారతాయి గానీ విషయం ఇదే.

ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఫోటో అంటే చిన్న చిన్న రంగు చుక్కల వరసలు, వాటినే పిక్సెల్ అంటాం. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో అంటే సుమారు 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలు. ఏ టూల్ వాడేముందైనా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఫోటో కొలత మారుతుందా? తీసేసిన చుక్కలు ఎక్కడికి పోతాయి? క్రాప్‌కీ, కట్‌కీ, ఎరేజ్‌కీ ఈ రెండు జవాబులూ కలిపి చూస్తే ఒకేలా ఉండవు, తేడా అంతా అక్కడే ఉంది.

క్రాప్ చేస్తే ఫోటో కొలతే తగ్గుతుంది. మీరు గీసిన చతురస్రమో దీర్ఘచతురస్రమో దాని లోపలిది మిగులుతుంది, బయటిదంతా పోతుంది. వాటర్ క్యాన్ అంచున ఉంది కాబట్టి దానికి క్రాప్ చాలు, రెండు సెకన్ల పని. GIMP లో Shift+C నొక్కి, మౌస్‌తో లాగి పెట్టె గీసి, Enter కొట్టండి. పెట్టె ఎప్పుడూ నాలుగు మూలలదే, వంకరగా గీయలేరు, అందుకే మధ్యలో ఉన్న దేన్నీ క్రాప్ తీసెయ్యలేదు. ఇది తెలియక తాతయ్య భుజం దగ్గరి చెయ్యి కోసం క్రాప్ పెట్టెని అటు ఇటు జరుపుతూ కూర్చునేవాళ్ళు చాలామంది, చివరికి తాతయ్య భుజం కూడా పోతుంది.

పాస్‌పోర్ట్ సైజుకి క్రాప్ సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర ఫారాలకి మామూలుగా అడిగేది 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు. క్రాప్ టూల్ ఆప్షన్లలో Fixed అని టిక్ పెట్టి, పక్కన Aspect ratio ఎంచుకుని, కింద 35:45 అని టైప్ చేస్తే మీరు ఎంత లాగినా ఆ నిష్పత్తి మారదు. కంటి కొలతతో గీసి తర్వాత సాగదీస్తే ముఖం పొడుగ్గా వస్తుంది, ఆ పని చెయ్యకండి.

ఇంకో లెక్క చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే ఆ సైజు ఫోటోకి సుమారు 413 అడ్డం, 531 నిలువు చుక్కలు కావాలి. మన గ్రూప్ ఫోటోలో తాతయ్య తల, భుజాల వరకు క్రాప్ చేస్తే సుమారు 600 అడ్డం, 770 నిలువు వచ్చిందనుకుందాం. పాస్‌పోర్ట్ సైజుకి హాయిగా సరిపోతుంది. అదే ముక్కని మూడడుగుల ఎత్తులో ఫ్లెక్సీ వేయిస్తే 36 అంగుళాలకి 770 చుక్కలు, అంటే అంగుళానికి 21 చుక్కలే, దగ్గరికి వచ్చి చూసినవాళ్ళకి ముఖం మసకగా కనిపిస్తుంది. క్రాప్ చేసి పెద్దది చేసినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టవు. అందుకే ఫ్లెక్సీ పని ఉందని ముందే తెలిస్తే దగ్గరికెళ్ళి విడిగా ఒక ఫోటో తీసుకోవడమే మంచిది, ఎడిటింగ్‌తో తర్వాత సర్దుకుందాంలే అనుకోకండి.

మనుషుల్ని క్రాప్ చేసేటప్పుడు గీత సరిగ్గా మణికట్టు దగ్గరో, మోకాలి దగ్గరో పడకుండా చూడండి, అక్కడ తెగితే చూడ్డానికి ఇబ్బందిగా ఉంటుంది. నడుం దగ్గరో, తొడ మధ్యలోనో ఆపితే బాగుంటుంది.

ఇక కట్. ఇక్కడ ఫోటో కొలత మారదు. మీరు ముందు ఒక భాగాన్ని సెలెక్ట్ చేస్తారు, ఆ భాగం మాత్రం అక్కడినుంచి లేచి క్లిప్‌బోర్డ్‌లోకి వెళుతుంది, ఇంకోచోట పేస్ట్ చేయొచ్చు. పేపర్లోంచి బొమ్మ కత్తిరిస్తే చేతిలో బొమ్మ, పేపర్లో చిల్లు మిగిలినట్టు, ఫోటోలో కూడా ఆ చోటు ఖాళీ అవుతుంది. ఈ ఖాళీ ఎలా కనిపిస్తుందన్న దగ్గరే కొత్తవాళ్ళు కంగారు పడతారు. GIMP లో ఫోటో ఉన్న పొరని లేయర్ అంటారు, ఏ చుక్క ఎంత పారదర్శకమో గుర్తుంచుకునే ఆల్ఫా చానెల్ అనేది ఆ లేయర్‌కి ఉంటే ఖాళీ పారదర్శకంగా అవుతుంది, GIMP దాన్ని బూడిదరంగు గళ్ళతో చూపిస్తుంది. ఆల్ఫా చానెల్ లేకపోతే మీ టూల్‌బాక్స్‌లో ఉన్న బ్యాక్‌గ్రౌండ్ రంగు, మామూలుగా తెలుపు, అక్కడ నిండుతుంది. ఫోన్ ఫోటోలు ఎక్కువగా JPEG కాబట్టి తెరవగానే ఆల్ఫా చానెల్ ఉండదు. Layer మెనూలో Transparency, అందులో Add Alpha Channel నొక్కితే వస్తుంది. తెల్ల మచ్చలు పడుతున్నాయి, నా సాఫ్ట్‌వేర్ పాడైంది అని అనుకునేవాళ్ళకి చాలాసార్లు కావలసింది ఈ ఒక్క క్లిక్కే.

ఫ్లెక్సీ కోసం తాతయ్యని విడదీయడానికి F నొక్కి Free Select టూల్ తీసుకుని, ఆయన చుట్టూ దగ్గర దగ్గరగా క్లిక్ చేస్తూ వెళ్ళి, మొదలుపెట్టిన చుక్క దగ్గరే ముగించి Enter కొట్టండి. ఓపిక కావాలి, తొందరపడితే చెవి పోతుంది. తర్వాత Select మెనూలో Feather కి వెళ్ళి ఒకటి రెండు పిక్సెళ్ళు ఇస్తే అంచు కత్తితో కోసినట్టు కాకుండా కొంచెం మెత్తగా వస్తుంది. ఇప్పుడు Ctrl+X కొడితే కట్ అవుతుంది. కానీ నా మాట వినండి, ఈ పనికి Ctrl+C, అంటే కాపీ, చాలు. తాతయ్య బొమ్మ ఫ్లెక్సీ మీదకి ఎలాగూ వస్తుంది, గ్రూప్ ఫోటోలో ఆయన కుర్చీలో ఆయన అలాగే ఉంటారు. అసలు ఫోటోలో చిల్లు ఎందుకు పెట్టాలి?

మరి కట్ నిజంగా ఎప్పుడు కావాలంటే, వస్తువు ఒకే బొమ్మలో ఒక చోటినుంచి ఇంకో చోటికి మారాలన్నప్పుడు. స్కాన్ చేసిన తెల్లకాగితం మీద స్కూల్ లోగో పక్కకి పడింది, దాన్ని మధ్యకి జరపాలి. ఆల్ఫా చానెల్ పెట్టకుండా కట్ చేసి పేస్ట్ చేసి జరిపితే పాత చోట తెలుపే నిండుతుంది, కాగితం కూడా తెలుపే కాబట్టి ఎవరికీ తెలియదు. కాగితం కాస్త పసుపుగా ఉంటే ముందే కలర్ పికర్‌తో ఆ రంగుని బ్యాక్‌గ్రౌండ్ రంగుగా పెట్టుకోండి. సెలెక్ట్ చేసి Delete నొక్కితే కూడా ఆ చోటు ఇలాగే ఖాళీ అవుతుంది గానీ క్లిప్‌బోర్డ్‌లోకి ఏమీ రాదు, కాబట్టి పేస్ట్ చేయడానికి ఏమీ ఉండదు.

ఎరేజ్‌లో కూడా ఫోటో కొలత మారదు, చుక్కలు ఎక్కడికీ వెళ్ళవు, అక్కడికక్కడే మాయమవుతాయి. సెలెక్షన్ అక్కర్లేదు, బ్రష్‌తో రుద్దిన చోటల్లా పోతుంది. Shift+E నొక్కండి, బ్రష్ సైజు [ ] కీలతో తగ్గించి పెంచుకోండి. ఇక్కడ కూడా ఆల్ఫా చానెల్ సంగతి అదే, లేకపోతే రుద్దిన చోట తెల్లగా పూసినట్టు అవుతుంది.

ఎరేజర్ అసలు పని అంచులు సర్దడం. ఫ్లెక్సీ మీద పేస్ట్ చేసిన తాతయ్య బొమ్మ చుట్టూ వెనక గోడ రంగు సన్నగా మిగిలిపోయింది, జుట్టు దగ్గర పచ్చ తోరణం ముక్క అంటుకుని ఉంది, అలాంటివి చిన్న మెత్తటి బ్రష్‌తో జాగ్రత్తగా తుడవాలి. Opacity, అంటే బ్రష్ బలం, తగ్గించి రుద్దితే కొద్దికొద్దిగా పోతుంది, ఒక బొమ్మ ఇంకో బొమ్మలోకి కలిసిపోయినట్టు చేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు తాతయ్య భుజం దగ్గరి చెయ్యి. చాలామంది దీనికి ఎరేజర్ తీసుకుంటారు, రుద్దగానే చెయ్యి పోయి వెనకున్న గోడ కనిపిస్తుందని ఆశిస్తారు. కనిపించదు. ఆ చెయ్యి వెనక గోడ ఎలా ఉందో కెమెరా చూడనేలేదు, ఫోటోలో ఆ చోట ఉన్నది చెయ్యి చుక్కలు మాత్రమే, అవి పోతే మిగిలేది ఖాళీ. ఫోన్ యాప్‌లలో ఎరేజర్ పేరుతో ఉన్న కొన్ని టూల్స్ రుద్దగానే వెనక గోడ వచ్చినట్టు చూపిస్తాయి గానీ అవి నిజానికి చుట్టుపక్కల చూసి ఆ ఖాళీని పూడుస్తున్నాయి. GIMP లో ఆ పూడ్చే పని మీరే చేయాలి, Clone టూల్‌కి C, Healing టూల్‌కి H. Ctrl పట్టుకుని పక్కనున్న శుభ్రమైన గోడ మీద ఒకసారి క్లిక్ చేసి, తర్వాత చెయ్యి మీద రుద్దండి, గోడ అక్కడికి వచ్చి పడుతుంది. భుజం అంచు దగ్గర Clone వాడండి, ఎందుకంటే Healing పక్క రంగులు కలిపేసి భుజాన్ని మసక చేస్తుంది. సాదా గోడ మీద Healing చక్కగా కలిసిపోతుంది.

ఎరేజర్‌తో ఎక్కువ తుడిచేస్తానేమో అని టెన్షన్ ఉంటే లేయర్ మాస్క్ వాడడం అలవాటు చేసుకోండి. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Add Layer Mask, తెలుపు ఎంచుకుని, మాస్క్ మీద నల్ల రంగుతో పూస్తే ఆ భాగం దాగుతుంది, తెల్ల రంగుతో పూస్తే తిరిగి వస్తుంది. చుక్కలు ఎక్కడికీ పోవు. వారం తర్వాత ఫ్లెక్సీ షాపు ఆయన "చెవి కొంచెం తెగింది సార్" అంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

పనులు ఏ వరసలో చేయాలంటే, ముందు చెయ్యి లాంటివి పూడ్చడం, తర్వాత విడదీయడం, తర్వాత అంచులు తుడవడం, క్రాప్ చివర్లో. ముందే క్రాప్ చేస్తే పూడ్చడానికి కావలసిన గోడ భాగమే ఫోటోలోంచి పోయి ఉంటుంది. పని మధ్యలో ఉన్నదాన్ని Ctrl+S తో GIMP సొంత ఫైల్ రకమైన XCF గా దాచుకోండి, లేయర్లు అలాగే ఉంటాయి. షాపుకి ఇచ్చేది Ctrl+Shift+E తో ఎక్స్‌పోర్ట్ చేయండి. తాతయ్య చుట్టూ ఖాళీ పారదర్శకంగా ఉండాలంటే PNG ఇవ్వాలి, JPEG కి పారదర్శకత తెలియదు, ఖాళీ అంతా రంగుతో నిండిపోతుంది.

క్రాప్ విషయంలో ఇంకొకటి. GIMP క్రాప్ టూల్‌లో Delete cropped pixels టిక్ లేకపోతే బయటి భాగం కనిపించదు గానీ XCF ఫైల్లో అలాగే ఉంటుంది. వర్డ్ డాక్యుమెంట్‌లో పెట్టిన ఫోటోని అక్కడే క్రాప్ చేసినా అంతే, ఆ ఫైల్ అందుకున్నవాళ్ళు క్రాప్ గీతని వెనక్కి లాగితే మొత్తం ఫోటో కనిపించవచ్చు. ఆధార్ కార్డు నంబర్ దాచడానికి ఇలా క్రాప్ చేసి ఎవరికీ పంపకండి. GIMP లో నంబర్ మీద సెలెక్ట్ చేసి పూర్తి నల్లరంగు నింపి, Opacity 100 ఉందో లేదో చూసుకుని, JPEG గా ఎక్స్‌పోర్ట్ చేసి ఆ కొత్త ఫైల్ మాత్రమే పంపండి.