విషయం: జీతం ఆగిపోయిన ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ పేరుతో కోసిన రూ. 1,062 తిరిగి జమ చేయమని విన్నపం

తేదీ: 12 సెప్టెంబర్ 2024
కూకట్‌పల్లి, హైదరాబాద్

బ్రాంచ్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ శాఖలో నాకు 4417తో ముగిసే నంబరుతో ఖాతా ఉంది. 2019లో జీడిమెట్లలోని మందుల ప్యాకింగ్ యూనిట్‌లో చేరినప్పుడు కంపెనీయే దీన్ని జీతం ఖాతాగా తెరిపించింది. ఈ మార్చిలో ఆ యూనిట్ మూసేశారు. మార్చి 5న పడిన ఫిబ్రవరి జీతమే ఆఖరుది. నాకింకా వేరే ఉద్యోగం దొరకలేదు.

జీతం రావడం లేదని ఖాతాను మామూలు సేవింగ్స్‌గా మార్చి, రూ. 5,000 ఉంచాలన్నారని పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకున్నాకే తెలిసింది. మార్చే ముందు నాకు మెసేజ్ గానీ ఉత్తరం గానీ రాలేదు. నా ఫోన్ నంబరు మారలేదు. డబ్బు కోసినట్టు చెప్పే మెసేజ్‌లు మాత్రం అదే నంబరుకు వచ్చాయి.

మే నెలాఖరుకు ఖాతాలో రూ. 610 ఉంది. జూన్, జులై, ఆగస్టు నెలలకు రూ. 300 చొప్పున, జీఎస్‌టీతో కలిపి నెలకు రూ. 354 కోశారు. జులైలోనే ఖాతా మైనస్‌లోకి వెళ్లింది, ఆగస్టుకి మైనస్ 452 అయింది. సెప్టెంబర్ 9న మా పాప స్కూలు ఫీజు కోసం అన్నయ్య రూ. 3,000 పంపితే చేతికి మిగిలింది రూ. 2,548. ఫీజు కట్టలేకపోయాను సార్, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

2014 నవంబర్ 20 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం బ్యాలెన్స్ తగ్గితే ముందు ఖాతాదారుకు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. కేవలం ఈ ఛార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదని కూడా అందులో ఉంది. నా విషయంలో ఈ రెండు నియమాలూ పాటించలేదు.

కాబట్టి కోసిన రూ. 1,062 తిరిగి జమ చేయించండి. ఇకపై కోతలు పడకుండా ఇదే ఖాతాను మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చండి. నంబరు మాత్రం మారకూడదు. నా పీఎఫ్ క్లెయిమ్‌కు ఈ ఖాతానే ఇచ్చాను, ఆ డబ్బు ఇందులోనే పడాలి. క్లోజ్ చేసుకోమని కౌంటర్‌లో చెప్పారు గానీ, పీఎఫ్ వచ్చేదాకా నేను ఆ పని చేయలేను. ఈలోగా ఆ సొమ్ములోంచి కూడా ఛార్జీలు పోతాయేమోనని భయంగా ఉంది.

మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయండి. ఇక్కడే పరిష్కారమవుతుందనే నమ్మకంతో ముందుగా మీ దగ్గరికే వచ్చాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవాల్సి వస్తుంది.

కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, మార్చి నుంచి ఇప్పటివరకు స్టేట్‌మెంట్ జతచేశాను. ఈ ఉత్తరం నకలుపై అందినట్టు సంతకం చేసి, ముద్ర వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
కె. శ్రీలత