విషయం: కోల్డ్ రూమ్ 1 – మే 14 రాత్రి 8 డిగ్రీలు దాటింది, స్టాక్ హోల్డ్‌లో పెట్టాను

మేడమ్ గారికి నమస్తే,

పొద్దున ఫోన్‌లో హడావుడిగా చెప్పాను, మీరు విజయవాడ మీటింగ్‌లో ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కోల్డ్ రూమ్ 1లో గాలి ఉష్ణోగ్రత నిన్న రాత్రి 2 గంటల నుంచి ఈ ఉదయం 7:20 దాకా 8 డిగ్రీల పైనే ఉంది. లాగర్ పది నిమిషాలకొకటి రాస్తుంది కదా, వరసగా 33 రీడింగులు రేంజ్ బయటే. గరిష్ఠం 11.6. రూమ్‌లో ఉన్న స్టాక్ మొత్తం హోల్డ్‌లో పెట్టాను. మీరు చెప్పేదాకా ఒక్క కిట్టూ బయటికి రాదు.

లాగర్ ఫైల్‌లో ముఖ్యమైన వరసలు ఇవి. మొదటిది గాలిలో ఉన్న ప్రోబ్, రెండోది మధ్య ర్యాక్‌లో గ్లైకాల్ సీసాలో ఉన్నది.

```
time    P1_air   P2_glycol
00:10    4.4      4.3
01:50    7.9      6.2
02:00    8.2      6.4
03:50    9.9      8.1
06:20   11.6      9.3
06:40   10.4      9.4
07:30    7.8      8.5
08:10    5.9      7.9
```

లాగర్ గడియారం నా ఫోన్ కంటే 7 నిమిషాలు వెనకుంది. దాన్ని సరిదిద్దలేదు, ఫైల్‌నీ ముట్టుకోలేదు. ఒరిజినల్ కాపీ మీ ఫోల్డర్‌లో పెట్టాను.

కారణం సంగతి. నిన్న రాత్రి పదకొండున్నర తర్వాత ఈదురు గాలి వచ్చి కరెంటు పోయింది. జనరేటర్ నిమిషంలోపే అందుకుంది, కాబట్టి తప్పు కరెంటుది కాదు. నేను 6:10కి వచ్చేసరికి రూమ్ లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చల్లదనం మాత్రం లేదు. ప్యానెల్ మీద HP అనే ఎర్ర లైటు వెలుగుతోంది. డాబా ఎక్కి చూస్తే బయట యూనిట్ కండెన్సర్ ముఖానికి చిరిగిన ఫ్లెక్సీ ముక్క ఒకటి అతుక్కుని ఉంది. ఎవరింట్లోదో ఓణీల ఫంక్షన్‌ది, సగం అమ్మాయి ముఖం, సగం "సాదర ఆహ్వానం". వాన తడికి జాలీకి పేస్టు చేసినట్టు అంటుకుపోయింది. అది పీకి చూస్తే రెక్కల మధ్య ఎర్రటి దుమ్ము గడ్డకట్టి ఉంది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మన డాబా మీద ఏది పెట్టినా అంతే, మీకు తెలియనిది కాదు. ఆ దుమ్ముకి ఈ ఫ్లెక్సీ తోడై గాలి ఆడక ప్రెజర్ పెరిగి కంప్రెసర్ కట్ అయింది. మన యూనిట్‌లో అది ఒకసారి కట్ అయితే చేత్తో రీసెట్ నొక్కాల్సిందే, దానంతట అది తిరిగి మొదలవదు. ఫ్లెక్సీ తీసి, రెక్కలు బ్రష్‌తో దులిపి, 6:20కి రీసెట్ చేశాను. తర్వాత మామూలుగానే దిగింది.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉన్న విషయం. చేతి రిజిస్టర్‌లో రాత్రి 2 గంటలకు 4.5, 4 గంటలకు 4.5 అని ఉంది. లాగర్‌లో అదే సమయానికి 8.2, ఆ తర్వాత పది దగ్గర. నైట్ డ్యూటీ అబ్బాయిని అడిగితే దాచకుండా చెప్పాడు: రెండు ఎమర్జెన్సీ శాంపిల్స్ వచ్చాయట, వాటిలో పడి కోల్డ్ రూమ్ దగ్గరికి వెళ్లలేదట, పైన ఉన్న అంకె చూసి నింపేశాడట. పొద్దున నేను వచ్చాక టెన్షన్‌లో 6:30 దగ్గర "తలుపు సరిగా పడలేదు" అని రిమార్కు కూడా రాశాడు. ఆ రిమార్కు నిజం కాదు మేడమ్. తలుపు తీసి ఉంటే గాలి ప్రోబ్ ఒక్కసారిగా ఎగిరి, తలుపు వేయగానే దిగిపోవాలి. ఇక్కడ 4.4 నుంచి మొదట కాస్త వేగంగా, తర్వాత నిదానంగా, ఎక్కడా తగ్గకుండా ఆరు గంటలు పెరిగింది. చల్లబరచడం ఆగిపోతేనే గ్రాఫ్ అలా ఉంటుంది.

రిజిస్టర్‌లో ఏ అంకే కొట్టేయలేదు, దిద్దలేదు. కొత్త పేజీ రాసి పెడదామని ఒకరు సలహా ఇచ్చారు, వద్దన్నాను. ఆ రెండు అంకెలు తప్పని, ఎందుకు తప్పో, కింద వేరే వరసలో నేను తేదీ, టైము వేసి సంతకం పెడతాను, అబ్బాయి కూడా పెడతాడు. ఆడిట్‌లో అడిగితే అదే చూపిద్దాం. వాడి మీద చర్య గురించి మాట్లాడే ముందు ఒకసారి వాడితో మీరే మాట్లాడండి. రాత్రి ఒక్కడే రక్తం తీస్తూ, ఫోన్లు ఎత్తుతూ, రెండు గంటలకోసారి వెనక గదికి వెళ్లి రావాలంటే కుదరదని నేను ముందే మీతో అనాల్సింది.

ఇక నా తప్పు. అలారం మెసేజ్ ఎవరికీ రాలేదు. లాగర్‌లో ఉన్న ప్రీపెయిడ్ సిమ్ వ్యాలిడిటీ అయిపోయింది. రీచార్జ్ చూసుకోవాల్సింది నేనే. వారానికోసారి వచ్చే టెస్ట్ మెసేజ్ పోయిన సోమవారం రాలేదు, నెట్‌వర్క్ సమస్య అనుకుని వదిలేశాను. బజర్ రాత్రి 2:30కి మోగిందని లాగర్‌లో ఉంది, కానీ ముందు గదిలో ఏసీ వేసుకుని తలుపులు మూసుకుంటే అది వినిపించదు. ఈ ఉదయం మోగించి నేనే కూర్చుని చూశాను, వినపడలేదు. సిమ్ రీచార్జ్ చేశాను, టెస్ట్ మెసేజ్ నాకు, మీకు ఇద్దరికీ వచ్చింది.

స్టాక్: 14 ఎలైజా కిట్లు, థైరాయిడ్ క్యాలిబ్రేటర్లు, కోయాగులేషన్ కంట్రోల్స్, రిపీట్ కోసం దాచిన 38 సీరం శాంపిల్స్. కిట్లన్నీ ఎడమ ర్యాక్‌లోకి మార్చి "వాడవద్దు" స్టిక్కర్ వేసి, లాట్ నంబర్లు రాసుకున్నాను. కలిపి పెట్టిన కంట్రోల్స్ పారబోయడమే మంచిదని నా అభిప్రాయం, వాటి గడువు ఎలాగూ తక్కువ. కిట్ల విషయంలో కంపెనీల టెక్నికల్ వాళ్లకి ఎన్ని గంటలు, గరిష్ఠం ఎంత అని రాసి స్టెబిలిటీ సమాచారం రాతలో అడిగాను. ఒకరు ఫోన్‌లోనే "ఏం కాదు సార్, వాడుకోండి" అన్నారు. మెయిల్ పెట్టండి అన్నాను, ఇంకా రాలేదు.

గ్లైకాల్ ప్రోబ్ 9.4 దాటలేదు, 8 పైన నాలుగు గంటల ఇరవై నిమిషాలే ఉంది. ఆ అంకె చూసి ఊరట పడొచ్చు గానీ, ఆ సీసా రూమ్ మధ్యలో ఉంది. తలుపు పక్క పై అరలో ఉన్న కిట్లు ఎంత వేడెక్కాయో అది చెప్పదు. అలాగే ఈ రోజు QC పాస్ అయింది కదా అని వాడేయడం కూడా సరికాదు, ఈ రోజు బాగుండి నెలాఖరుకి పడిపోతే పట్టుకోలేం.

ఎనలైజర్ లోపలి రీఏజెంట్లకి వాటి సొంత కూలింగ్ ఉంది కాబట్టి రెగ్యులర్ పని ఆగలేదు. నిన్న సాయంత్రం శాంపిల్స్‌లో రాత్రి కోల్డ్ రూమ్‌లో ఉండి ఈ ఉదయం రన్ అయినవి 22. వాటి రిపోర్టులు విడుదల చేయకుండా ఆపాను. అందులో ఆరుగురికి మళ్లీ శాంపిల్ ఇవ్వమని ఫోన్ చేయాల్సి రావచ్చు. మీరు లిస్టు చూసి సరే అంటే మధ్యాహ్నం లోపు నేనే చేస్తాను, ఫ్రంట్ డెస్క్ మీద వదలను.

ఏసీ మెకానిక్ మూడింటికి వస్తానన్నాడు. కండెన్సర్ చుట్టూ జాలీ కట్టించడానికి, బజర్‌కి ముందు గదిలో రెండోది పెట్టించడానికి అతని దగ్గర కొటేషన్ తీసుకుంటాను. హోల్డ్ స్టాక్‌లో డెంగ్యూ కిట్లు కూడా ఉన్నాయి, రేపటికి మనకి ఒక్క కిట్టే మిగిలింది. కాబట్టి కొత్తవి తెప్పించాలా అన్నది మాత్రం ఈ రోజే చెప్పండి.

ఇట్లు,
శ్రీనివాస్
ల్యాబ్ టెక్నీషియన్, మార్నింగ్ షిఫ్ట్
గుంటూరు