ఉచ్ఛిష్ట పాత్రాధిపతీ, లెమ్ము!

(ఏకపాత్ర. తెనాలిలో ఒక ఇల్లు. రేపు భోగి. ఉదయం పది గంటలు. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసే అనసూయ, నడుముకి కొంగు దోపి, చేతిలో చీపురుతో కొడుకు గది గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు కార్తీక్, ఇంజినీరింగ్ మూడో ఏడు, మంచం మీద ముసుగుతన్ని ఉన్నాడు. భర్త వసారాలో పడక కుర్చీలో పేపరు చదువుతున్నాడు. వేదిక మీద కనిపించేది అనసూయ ఒక్కతే.)

రాజాధిరాజ! రాజమార్తాండ! మాసిన బట్టల మహాసామ్రాజ్య సార్వభౌమ! ఉచ్ఛిష్ట పాత్రాధిపతి! సూర్యోదయ శత్రువు! శ్రీశ్రీశ్రీ కార్తీక్ మహారాజా వారూ, బహుపరాక్, బహుపరాక్! పది గంటలైంది. దేవరవారు ముసుగు తీసి ముఖారవిందం చూపిస్తే, ఈ చీపురుకట్ట జన్మ ధన్యమవుతుంది.

లేవవూ? లేవకు. కుంభకర్ణుడు ఆరు నెలలు నిద్రపోయాడంటే అది బ్రహ్మగారి దగ్గర సంపాదించుకున్న నిద్ర నాయనా. అంత నిద్రపోయినవాడు కూడా లేపగానే అన్న కోసం యుద్ధానికి వెళ్లాడు. నువ్వు లేచి ఎక్కడికి వెళ్తావు? ఫ్రిజ్ దగ్గరికి! తలుపు తీసి, అయిదు నిమిషాలు లోపలికి చూసి, ఏమీ తీసుకోకుండా మళ్లీ మూస్తావు. ఏం చూస్తావురా అందులో? విశ్వరూపం కనిపిస్తుందా?

(గదిలోకి అడుగు వెయ్యబోయి ఆగుతుంది.)

అడుగెక్కడ వెయ్యాలి? చెప్పు, ఎక్కడ వెయ్యాలి? మా నాన్న ఈ తెనాలి స్టేజీ మీద దుర్యోధనుడి వేషం కట్టి మయసభలో అడుగుపెడితే జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. అక్కడ నేల చూస్తే నీళ్లనిపించేది, నీళ్లు చూస్తే నేలనిపించేది. అయినా దుర్యోధనుడి అదృష్టం బాగుండి, ఆ సభలో నేలంటూ ఒకటి ఉంది! నీ మయసభలో నేలేదిరా? ఈ గదికి మార్బుల్ వేయించడానికి మీ నాన్న పీఎఫ్‌లో అప్పు తీశారు. ఆ మార్బుల్ ఏ రంగో చెప్పు చూద్దాం. చెప్పలేవు. నాకూ గుర్తులేదు.

(అడుగు వేస్తుంది. కాలికింద ఏదో చిట్లిన చప్పుడు. వంగి తీస్తుంది.)

జంతిక. మొన్న రాత్రి పొయ్యి ముందు నడుం విరిగేలా కూర్చుని, పిండిలో వాము దంచి వేసి, ఎర్రగా వేయించిన నా జంతిక! పండక్కి చుట్టాలొస్తే పెడదామని డబ్బాకెత్తిన జంతిక, ఈ కురుక్షేత్రంలో తొడ విరిగి పడి ఉంది. ఓరి పిండివంటల పాలిటి భీమసేనుడా!

ఇదిగో, దీన్ని ఏమంటారు? కుర్చీయా? దీని కింద కుర్చీ ఉందని నేనూ, అమ్మిన ఆ ఫర్నిచర్ కొట్టువాడూ తప్ప లోకంలో ఎవరూ నమ్మరు. వాల్మీకి చుట్టూ పుట్ట లేవాలంటే ఏళ్ల తరబడి తపస్సు పట్టింది. నీకు వారం చాలు. ఇందులో ఉతికినవి ఏవి, విడిచినవి ఏవి?

ఏంటీ? వాసన చూసి చెప్తావా?

(గుండె మీద చెయ్యి వేసుకుంటుంది.)

వాసన చూసి! ఓరి ఘ్రాణేంద్రియ మహాపండితుడా! అరవై నాలుగు కళలున్నాయని పిల్లలకి పాఠం చెప్తానే, ఈ అరవై అయిదోది మా ఇంట్లో పుట్టిందని నాకు తెలియలేదురా! ఏవండీ! విన్నారా? మీ వంశోద్ధారకుడు చొక్కాలు వాసన చూసి తొడుక్కుంటున్నాడట!

పలకరు. ఆ పడక కుర్చీ కిర్రుమంటుంది గానీ మనిషి పలకడు. ధృతరాష్ట్రుడైనా పక్కన సంజయుణ్ణి పెట్టుకుని ఏం జరుగుతోందో అడిగి తెలుసుకున్నాడు. ఈయనకి పేపరుంటే చాలు.

(మంచం దగ్గరికి వెళ్లి తుండు ఎత్తుతుంది.)

తడి తుండు. పరుపు మీద తడి తుండు. నీకు మాటలు వచ్చిన దగ్గర్నుంచి నేను చెప్తున్న మాట ఇది ఒక్కటే. మేనత్తకిచ్చిన మాట కోసం కృష్ణపరమాత్మ శిశుపాలుడివి నూరు తప్పులు కాశాడు. నూటొకటోది రాగానే చక్రం తీశాడు. నువ్వు ఈ ధనుర్మాసంలో, ఒక్క తుండు పద్దులోనే నూరు దాటావురా! నా చేతిలో చక్రం లేదు, చీపురుంది. అదే నీ పుణ్యం.

ఈ వైర్లేంటి? ఇంద్రజిత్తు నాగపాశం వేస్తే రామలక్ష్మణులకి గరుత్మంతుడొచ్చి కట్లు విప్పాడు. ఈ ఛార్జర్లూ ఇయర్‌ఫోన్లూ చూస్తే ఆ గరుత్మంతుడు కూడా 'అమ్మా, ఇది నా వల్ల కాదు' అని దణ్ణం పెట్టి ఎగిరిపోతాడు!

(మోకాళ్ల మీద కూర్చుని మంచం కింద చీపురు పెట్టి లాగుతుంది.)

నాగార్జునకొండలో డ్యామ్ నీళ్లొచ్చి అంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వారు. పాతరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా పొరలు పొరలుగా బయటపడింది. ఏటా క్లాసులో ఆ మాట చెప్తూ, ఆ తవ్వినవాళ్ల ఓపికకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. అలాంటి తవ్వకం నా ఇంట్లో నేనే చెయ్యాల్సొస్తుందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు! ఇదిగో పైపొర. మొన్నటి చిప్స్ కవర్లు. దాని కింద దీపావళి. కాల్చని కాకరపువ్వొత్తులు! మంచం కింద మందుగుండు పెట్టుకుని పడుకున్నావా, లంకాదహనానికి నువ్వు తోకతో పనిలేకుండా ఏర్పాటు చేసుకున్నావా? దాని కింద దసరా. దాని కింద... ఎండిపోయిన మామిడాకులు. వినాయక చవితి పత్రి! నాయనా, ఆ గణపతి నిమజ్జనమై, కైలాసానికి చేరి, వచ్చే ఏటి ప్రయాణానికి మూషికాన్ని సిద్ధం చేసుకుంటున్నాడు. ఆయన పత్రి మాత్రం నీ మంచం కిందే ఉంది!

ఇదిగో స్టీలు గ్లాసు. అడుగున కాఫీ ఎండి, వేసవిలో చెరువులా బీటలు తీసింది. ఇందులో ఒక చెంచా నిలబడి ఉంది. పట్టుకుంటే రావట్లేదు! సీతా స్వయంవరంలో శివధనుస్సు ఇలాగే కదల్లేదట. ఇది ఎత్తినవాడికే పిల్లనిస్తామని రేపు పెళ్లిచూపుల్లో ఎవరైనా అంటే, నీకు జన్మలో పెళ్లి కాదు.

చెంచాలంటే గుర్తొచ్చింది. వంటింట్లో డజను ఉండాలి. నాలుగున్నాయి. పాండవులు అజ్ఞాతవాసానికి ద్రౌపదితో కలిపి ఆరుగురే వెళ్లారురా! నా చెంచాలు ఎనిమిది వెళ్లాయి! ఏ విరాటరాజు కొలువులో దాచావు? నీ బ్యాగులోనా? బీరువా కిందా?

(ఇంకోసారి లాగుతుంది. ఒక డబ్బా బయటికొస్తుంది. చటుక్కున వెనక్కి జరుగుతుంది.)

ఆగు. మూత తియ్యకు. ఇది నీ క్యారియర్ డబ్బా. ఆఖరిసారి ఇందులో గోంగూర పప్పూ అన్నం పెట్టి విజయవాడ రైలెక్కించింది సెమిస్టరు పరీక్షలకి ముందు. క్షీరసాగరం చిలికితే హాలాహలం పుట్టింది, మింగడానికి పరమశివుడు ముందుకొచ్చాడు. ఇందులో పుట్టిందాన్ని ఎవడు మింగుతాడు? నువ్వా, నేనా, పేపరు చదువుతున్న ఆయనా? పెరట్లోకి తీసుకెళ్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, నువ్వే మూత తీసి, నువ్వే కడగాలి. సబ్బు రెండుసార్లు పెట్టి!

ఏంటి గొణుగుతున్నావు? గట్టిగా చెప్పు. ఇందులో ఏది ఎక్కడుందో నీకు తెలుసా? సరే. పరీక్ష పెడుతున్నాను. నీ హాల్ టికెట్ ఎక్కడ? నీ ఆధార్ కార్డు ఎక్కడ? నా కత్తెర ఎక్కడ? నీ రెండో సాక్సు ఎక్కడ?

చెప్పవేం? సర్వజ్ఞ సింహాసనం దిగావా?

నేనెందుకింత గొంతు చించుకుంటున్నానో తెలుసా? రేపు పొద్దున్నే మీ అత్తయ్య రాజమండ్రి నుంచి దిగుతుంది. ఈ గదిలోనే పడుకుంటుంది. నా పెళ్లయిన మొదటి సంక్రాంతికి ఆవిడ మన ఇంటికొచ్చి, కిటికీ ఊచ మీద చూపుడు వేలుతో ఇలా రాసింది. వేలు చూసుకుంది. నన్ను చూసింది. తిట్టలేదురా. తిడితే బాగుండేది. నవ్వి, 'పోనీలే, అలవాటవుతుందిలే' అంది. ఇరవై రెండేళ్లయింది. ఆ మాట ఇంకా ఇక్కడ, ఇదిగో ఇక్కడ గుచ్చుకునే ఉంది. ప్రతి పండక్కీ ఆ ఊచలు నేను ఎందుకు నూనె గుడ్డతో తుడుస్తాననుకున్నావు? ఇప్పుడా మనిషిని తీసుకొచ్చి ఈ గదిలో పడుకోబెట్టాలా? ఆ వేలు పెట్టడానికి ఇక్కడ ఊచ కూడా కనపడట్లేదు, దాని మీద నీ జీన్స్ ప్యాంటు ఆరేసి ఉంది!

(చీపురు పైకెత్తి, గొంతు మార్చి.)

ఓరీ ధూళిధూసర దేహా! దుప్పటి మడత ఎరుగని దుర్మతీ! సకల చెంచాపహారీ! ఈ అనసూయ శాపం విను! నీ గదిలో వైఫైకి ఒక్క గీతే ఉండుగాక! నీ ఛార్జరు వంచి పట్టుకుంటే తప్ప ఎక్కకుండుగాక! నీ సాక్సులు ఈ జన్మలో జత కలవకుండుగాక! నువ్వు ఆర్డరు పెట్టిన ప్రతి బిర్యానీలోనూ నీ మొదటి ముద్దకే యాలక్కాయ తగులుగాక!

ఆ! లేచాడు! యాలక్కాయనేసరికి లేచాడు!

లేచావు కదా, ఆ గోనెసంచి పట్టు. రేపు తెల్లవారుజామున భోగి మంట. పాతదంతా అందులోకే. జాలి లేదు, దయ లేదు. ప్లాస్టిక్ మాత్రం వెయ్యకు, పొగకి ఊపిరాడదు. ఊ, అందుకో. ఏంటది?

బ్యాటా? హ్యాండిల్ విరిగిపోయింది కదా, పడెయ్. ఆగాగు. ఇది మా నాన్న కొనిచ్చింది కదూ? ఆయాసంతో నడవలేకపోయినా బోసు రోడ్డు దాకా రిక్షాలో వెళ్లి తెచ్చాడు. పక్కన పెట్టు.

తర్వాత. చెక్క బొమ్మా? ఎద్దు కొమ్ము ఊడిపోయింది. ఇది కొండపల్లి బొమ్మరా, తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. నువ్వు యూకేజీలో దీన్ని పక్కన పెట్టుకుంటే తప్ప అన్నం తినేవాడివి కాదు. దీన్ని మంటలో వేస్తారా ఎవరైనా? ఇటివ్వు.

ఆ చొక్కా... పదో తరగతి ఆఖరి రోజు అందరూ సంతకాలు పెట్టింది. ఉంచు. ఆ అట్ట మీద ఏంటి, ఆంధ్రప్రదేశ్ మ్యాపా? నేను పక్కన కూర్చుని గీయించింది. కృష్ణా నదికి నీలం రంగు బదులు ఆకుపచ్చ వేశావు, నా దగ్గర తిట్లు తిన్నావు. బాగానే వేశావులే. మడత పడకుండా పెట్టు.

(చుట్టూ చూస్తుంది. సంచి ఖాళీగా ఉంది. పక్కన పెట్టినవి గుట్టగా ఉన్నాయి.)

వీటన్నిటినీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టు. చెప్పింది చెయ్యి. మరి భోగి మంటలో ఏం వెయ్యాలంటావా? పండగన్నాక పాత చెక్కేదో ఒకటి పడాలి కదా. ఉత్తి పిడకలతో మంటేం లేస్తుంది?

(వసారా వైపు తిరుగుతుంది. కుర్చీ కిర్రుమంటుంది. ఒక్క క్షణం అటే చూసి, చీపురు కొడుకు చేతిలో పెడుతుంది.)

ఏవండీ! ఆ పేపరు మడిచి ఒక్కసారి లేవండి. ఆ కుర్చీతో పనుంది.