బడ్జెట్ వివరణ: మర్రిగూడ మండలం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరిశీలన

మొత్తం కోరుతున్నది: ₹1,82,200. కాలం: ఒక సంవత్సరం.

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని 12 గ్రామాల్లో, గ్రామానికి 5 చొప్పున 60 బోర్ల నీళ్లు మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి పరీక్షిస్తాం. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా బోరు నీళ్లు వంటకు, పశువులకు ఎంతవరకు వాడుతున్నారో 180 ఇళ్లలో అడుగుతాం. కింది ప్రతి ఖర్చూ ఈ రెండు పనుల కోసమే.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ – ₹48,000. నీటిలో ముంచితే ఫ్లోరైడ్ ఎంతుందో మీటరుకు అందించే కడ్డీ ఇది. అన్నిటికన్నా ప్రశ్నలు వచ్చేది దీని మీదే. రంగు మార్పును బట్టి ఫ్లోరైడ్ కొలిచే పద్ధతి చవక, నిజమే. కానీ నీటిలో క్షారత ఎక్కువైతే ఆ రీడింగ్ దెబ్బతింటుంది. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు సరే. ఒక బోరు ఈ గీతకు ఇటుందా అటుందా అని ఊళ్లో చెప్పాలంటే నమ్మదగిన రీడింగ్ కావాలి. మీటరు కాలేజీ ల్యాబ్‌లో ఉంది, ఎలక్ట్రోడ్ మాత్రమే కొంటాం.

సీసాలు, రసాయనాలు – ₹17,000. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాలే: ₹40 చొప్పున 150. అసలు నమూనాలకు 120, సరిచూడ్డానికి జంట నమూనాలకు 12, బయటి ల్యాబ్‌కు 12, చేతిలో 6. మిగతా ₹11,000 ప్రమాణ ద్రావణాలకు, బఫర్‌కు. ఇనుము, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ని విడిపించేది ఈ బఫరే.

బయటి ల్యాబ్ – ₹7,200. ఆ 12 నమూనాలకు ₹600 చొప్పున. మా అంకెల్ని మేమే మెచ్చుకుంటే సరిపోదు కదా.

కారు అద్దె – ₹39,200. రోజుకు రెండు గ్రామాల చొప్పున ఒక విడతకు 6 రోజులు, రెండు విడతలకు 12. రోజుకు ₹2,800. వానకు దారి మూసుకుపోయినా, కరెంటు లేక బోరు నడవకపోయినా మళ్లీ వెళ్లడానికి 2 రోజులు అదనం. సీసాల పెట్టెలతో బస్సులో తిరగడం కుదరదు.

ప్రాజెక్టు అసిస్టెంట్ – ₹48,000. మే–జూన్, నవంబరు–డిసెంబరు, నెలకు ₹12,000. నమూనాలు తేవడం, కొలవడం, నమోదు చేయడం ఈ నాలుగు నెలల్లోనే. మిగతా నెలలకు జీతం అడగడం లేదు.

ఇంటింటి సర్వే – ₹16,800. ఇద్దరు విద్యార్థులు, 12 రోజులు, రోజుకు ఒక ఊరు, 15 ఇళ్లు. ఒక్కొక్కరికి భత్యం ₹500, బస్సు, తిండి ఖర్చు ₹200. దసరా సెలవుల్లో చేస్తాం: హైదరాబాద్‌కు పనులకు పోయినవాళ్లు ఇళ్లకొచ్చే రోజులవి.

ఫలితాలు ఊరికి చెప్పడం – ₹6,000. గ్రామానికి ₹500: పంచాయతీ దగ్గర కట్టే తెలుగు ఫ్లెక్సీ, బోరు యజమానులకు ఇచ్చే ఫలితాల చీటీలు.

కంప్యూటర్, ప్రింటర్, సదస్సు ప్రయాణాలు అడగలేదు. కంప్యూటర్, ప్రింటర్ కాలేజీలో ఉన్నాయి, సదస్సులు ఈ పనిలో భాగం కావు.