చెరిపిన గుర్తుల లెక్క

అమ్మా,

"నాకు రాక కాదు సార్, వచ్చినవే మార్చి పాడుచేసుకున్నాను" అని నిన్న ఫోనులో నువ్వు అన్నప్పుడు నేనేమీ మాట్లాడలేదు. మార్కులు తగ్గిన ప్రతి విద్యార్థీ అనే మాటే అది. మార్చి పోగొట్టుకున్న మార్కు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. మార్చి సంపాదించుకున్న మార్కు మర్నాటికి గుర్తుండదు. అందుకే లెక్క చూడకుండా ఒప్పుకోకూడదనుకున్నాను. రాత్రి నీ చివరి మూడు పరీక్షల కాగితాలు దీపం కింద పెట్టుకుని, రబ్బరు తగిలిన ప్రతిచోటా పాత గుర్తు ఏదో వెతికాను. నువ్వు పెన్సిలు నొక్కిపట్టి రాస్తావు కాబట్టి ఎంత చెరిపినా గాడి మిగిలింది.

మొత్తం 19 మార్పులు. అందులో ఒప్పును తప్పు చేసినవి 11. తప్పును ఒప్పు చేసినవి 3. మిగతా 5 ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టినవి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే 55 పోయాయి, 15 వచ్చాయి. రబ్బరు ముట్టుకోకుండా కూర్చుని ఉంటే నీకు మరో 40 మార్కులు ఉండేవి. నీ మాటే నిజం, ఒప్పుకుంటున్నాను.

అయినా "మొదట తోచిందే రైటు, మార్చకు" అని మాత్రం నీకు చెప్పను. ఆ సలహా చాలామంది ఇస్తారు, కానీ లెక్కకు నిలవదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపిన గుర్తులను ఇలాగే లెక్కపెట్టి 2005లో ప్రచురించారు. మార్పుల్లో సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్లినవి, ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి పావు వంతే. అందరికీ లాభం తెచ్చే పని నీకొక్కదానికి నష్టం ఎందుకు తెస్తోందన్నదే నన్ను సగం రాత్రి కూర్చోబెట్టింది.

రెండో పరీక్షలో 17వ ప్రశ్న తీసి చూడు. బంతిని నిలువుగా పైకి విసిరితే, గరిష్ఠ ఎత్తులో దాని త్వరణం ఎంత? మొదట g, కిందికి అని గుర్తు పెట్టావు. అదే సరైనది. తర్వాత సున్నాకు మార్చావు. అంచున చిన్నగా v = 0 అని రాసి ఉంది. పైన వేగం సున్నా అన్నది నిజమే, కానీ ప్రశ్న అడిగింది వేగం గురించి కాదు. భూమి ఆ ఒక్క క్షణం లాగడం మానేస్తే బంతి అక్కడే వేలాడుతూ ఉండాలి కదా! ఇది నీకు తెలుసు, నాకు నువ్వే ఒకసారి చెప్పావు. అలాగే మూడో పరీక్షలో వరుసగా నాలుగు 'సి'లు వచ్చాయని నాలుగోదాన్ని 'బి' చేశావు. పక్కన ఏ లెక్కా లేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు నీ 'సి'ల వరుస సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక లాభం తెచ్చిన ఆ మూడూ చూడు. ఒకచోట "సరికానిది" అన్న మాట మొదట చూసుకోలేదు, ఇంకోచోట మైనస్ జారిపోయింది, మూడోచోట సెంటీమీటర్లను మీటర్లుగా మార్చలేదు. ఈ మూడింటికీ కారణం ఉంది. ఆ పదకొండింటిలో చాలావాటికి భయం తప్ప ఇంకేమీ కనబడలేదు. తాళం వేశాక ఒకసారి లాగి చూడటం మంచిదే. నువ్వు అది ఊడివచ్చేదాకా లాగుతున్నావు. (నేనూ ఆ బాపతే. నిజం తాళాల విషయంలో.)

ఆదివారం పరీక్షలో ఇలా చెయ్యి. మొదటిసారి జవాబు పెట్టేటప్పుడే, అనుమానం ఉన్న ప్రశ్న పక్కన చిన్న చుక్క పెట్టు. చివరి పది నిమిషాల్లో జవాబు మళ్లీ ఆలోచించడానికి చుక్కలున్న వాటి దగ్గరికే వెళ్లు. చుక్క లేనివాటిలో ప్రశ్న సరిగ్గా చదివావా లేదా అన్నది చూడు, అంతే. ఏ జవాబైనా మార్చాలనిపిస్తే ముందు కారణం నాలుగు మాటల్లో అంచున రాయి. "గుర్తు తప్పింది", "కానిది అని అడిగాడు", ఇలా. రాయడానికి మాట దొరక్కపోతే పాత జవాబే ఉంచు. కారణం రాసి మార్చినా తప్పయితే ఫరవాలేదు. అప్పుడు నీకు పాఠంలో ఏది అర్థం కాలేదో నాకు తెలుస్తుంది, అది నేర్పడం నా పని.

మార్చేటప్పుడు పాత గుర్తు మీద ఒక అడ్డగీత చాలు, నాకు రెండూ కనబడాలి. మొన్న నువ్వు మరిచిపోయిన రబ్బరు నా బల్ల మీదే ఉంది. ప్రస్తుతానికి తిరిగి ఇవ్వను.

మీ సార్